దాత కోరిక తీరేది ఎప్పుడు?

కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు పల్లెల్లోకి వెళ్తే రామాలయం పక్కనో, పంచాయతీ ఆఫీసు ఆవరణలోనో రేకుల కప్పు వేసిన చిన్న గది ఒకటి తరచుగా కనిపిస్తుంది. దాని గోడకు నల్లరాతి పలక, పలక మీద బంగారు రంగు అక్షరాల్లో ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థం ఆయన కుమారులు కట్టించారన్న మాట, దాని కింద ప్రారంభించిన నాయకుడి పేరు, తేదీ ఉంటాయి. లోపల ఆర్‌ఓ యంత్రం ఉంటుంది. కొన్ని గదుల ముందు తెల్లవారేసరికే క్యాన్లు బారులు తీరి ఉంటాయి. కొన్నింటికి తాళం వేసి, ఆ తాళానికి తుప్పు కూడా పట్టి ఉంటుంది. పలక మీది అక్షరాలు మాత్రం రెండు చోట్లా ఒకేలా మెరుస్తుంటాయి.

దానాన్ని ఇచ్చినవాడి మనసును బట్టి తూచాలా, దాని వల్ల జరిగిన మేలును బట్టి తూచాలా అన్న పాత ప్రశ్నకు ఈ గది కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అన్నదానం చేస్తే ఆ పూట ఆకలి తీరింది లేనిదీ ఆ పూటే తెలుస్తుంది. ఆర్‌ఓ ప్లాంటు విషయంలో దాత మనసు ఏమిటో మనకు కనిపించదు, ఫలితం కూడా అంత తేలికగా కనిపించదు. కనిపించని ఆ రెండింటి మధ్య మనం తీర్పు చెప్పాల్సి వస్తుంది.

ఈ ప్రాంతంలో నీటి దానానికి ఇంత విలువ ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకోవాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. భారతదేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బును శాస్త్రీయంగా తొలిసారి వర్ణించిన పరిశోధన 1937లో ఆ పాత నెల్లూరు జిల్లా మీదే వెలువడింది. అంటే మనుషుల నడుములు వంగిపోవడానికి, మోకాళ్లు బిగుసుకుపోవడానికి, పిల్లల పళ్లకు గార పట్టడానికి కారణం భూమిలోని రాతి నుంచి బోరు నీటిలోకి, బావి నీటిలోకి దిగే ఫ్లోరైడేనని తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. ముదిరిన ఎముకల జబ్బుకు మందు లేదు, ఇంకా ముదరకుండా నీళ్లు మార్చుకోవడం ఒక్కటే దారి. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఉండవచ్చు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదుల్లో నాలుకకు తెలిసే రుచి లేదు. నీళ్లు కాస్తే పోదు సరికదా, ఆవిరైపోయిన మేరకు మిగిలిన నీటిలో చిక్కబడుతుంది.

ఇప్పుడు ఇద్దరు దాతలను ఊహించుకుందాం. వీళ్లు ఏ ఒక్క ఊరి మనుషులూ కారు, పలు ఊళ్లలో చూసినవాటిని, విన్నవాటిని కలిపి నేను కూర్చుకున్నవాళ్లు. మొదటి ఆయన హైదరాబాదులో స్థిరపడిన ఉద్యోగి. నడుము వంగిపోయి, చివరి పదేళ్లు కర్ర ఆసరాతో నేలచూపు చూస్తూ నడిచిన తల్లిని తలుచుకుని, తన పేరు ఎక్కడా వేయవద్దని చెప్పి, ఊరికి ప్లాంటు పెట్టించాడు. రెండో ఆయన కాంట్రాక్టరు. వచ్చే ఎన్నికల్లో మండలంలో నిలబడాలన్న ఆలోచన ఉన్నవాడు. గది మీద తన నిలువెత్తు ఫోటో, క్యాన్ల మీద తన పేరు, ప్రారంభం రోజున భోజనాలు ఏర్పాటు చేయించాడు. ఇద్దరూ పెట్టినది ఒకే రకం యంత్రం, గంటకు వెయ్యి లీటర్లు శుద్ధి చేసేది.

మన తొలి తీర్పు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. మొదటి ఆయనది దానం, రెండో ఆయనది పెట్టుబడి అంటాం. ఈ మొగ్గుకు వెనక బలమైన ఆలోచనలే ఉన్నాయి. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785లో ఒక దుకాణదారు ఉదాహరణ చెప్పాడు. చిన్నపిల్లవాడు వచ్చినా అదే ధరకు అమ్మే ఆ దుకాణదారు, పేరు పోతే బేరాలు పోతాయన్న లెక్కతో అలా చేస్తుంటే, అతను చేసింది సరైన పనే అయినా అందులో నైతికమైన విలువ ఏమీ లేదని ఆయన వాదన. దీనికి ఎదురుగా ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ పంతొమ్మిదో శతాబ్దం నడుమ మరో మాట అన్నాడు. నీళ్లలో మునిగిపోతున్నవాణ్ని కాపాడిన మనిషి కర్తవ్యమని కాపాడినా, డబ్బు ముడుతుందని కాపాడినా, కాపాడటమన్న పని సరైనదే. ఉద్దేశం ఆ మనిషి ఎలాంటివాడో చెబుతుందే తప్ప ఆ పని మంచిచెడ్డలను మార్చదు.

మిల్ చేసిన ఈ విభజన చాలా మేరకు చిక్కు విప్పుతుంది. మనం గొడవపడేటప్పుడు ఒకరు దాత గురించి, మరొకరు దానం గురించి మాట్లాడుతున్నామని గ్రహిస్తే సగం వాదం అక్కడే ఆగిపోతుంది. కాంట్రాక్టరు మంచివాడా అన్నది ఒక ప్రశ్న, కాంట్రాక్టరు ప్లాంటు మంచిదా అన్నది వేరే ప్రశ్న. అయితే మిగిలిన సగం చిక్కు అంత తేలికగా వదలదు. మునిగేవాణ్ని కాపాడటం ఒక్క క్షణంలో పూర్తయ్యే పని. ప్లాంటు అలాంటిది కాదు. అది పెట్టిన రోజున మొదలై పదేళ్లు ప్రతి రోజూ చేయాల్సిన పని, అంత కాలం ఎవరో ఒకరు దాన్ని పట్టించుకుంటూ ఉండాలి. అలాంటి పనిలో ఉద్దేశాన్ని, ఫలితాన్ని అంత శుభ్రంగా విడదీయవచ్చా అన్నది చూడాలంటే ప్లాంటు లెక్కలోకి కాస్త దిగాలి.

ఊళ్లో 300 ఇళ్లు రోజుకు ఒక్కో ఇరవై లీటర్ల క్యాను తీసుకుంటాయనుకుందాం. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన సుజల పథకం నాటి నుంచి జనం మనసులో నిలిచిపోయిన ధర క్యానుకు రెండు రూపాయలు కాబట్టి మన ఇద్దరు దాతలూ ఆ ధరే పెట్టారనుకుందాం. రోజుకు 600 రూపాయలు, నెలకు 18,000 వస్తుంది. నడిపే కుర్రాడికి 9,000, కరెంటుకు సుమారు 5,000, ఉప్పు గట్టిపడకుండా కలిపే రసాయనానికి, ముందు ఫిల్టర్లకు 1,500 పోతే చేతిలో మిగిలేది 2,500. ఏడాదికి 30,000. ఈ యంత్రానికి గుండె లాంటివి నాలుగు మెంబ్రేన్లు, అంటే నీటిలో కరిగిన లవణాలను ఆపేసే పొరలు. మన బోర్ల గట్టి నీటికి అవి రెండు మూడేళ్లకు మించి నిలవవు. నాలుగూ మార్చాలంటే యాభై అరవై వేలు అవుతుంది. అంటే ఆ మిగులును ఎవరూ ముట్టుకోకుండా విడిగా బ్యాంకులో వేస్తే, మెంబ్రేన్లు పాడయ్యేనాటికి సరిగ్గా ఆ డబ్బు చేతికి వస్తుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే, ఊరిని బట్టి అంకెలు మారతాయి, కానీ దాని స్వభావం మారదు. ఒక నెల మోటారు కాలినా, వానాకాలంలో క్యాన్లు సగానికి పడిపోయినా, పండుగ ఖర్చుకు ఆ డబ్బులోంచి పదివేలు తీసినా లెక్క తప్పుతుంది.

తప్పినప్పుడు ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. మెంబ్రేన్ పాడైతే నీళ్లు ఆగిపోవు. మొదట నెమ్మదిగా వస్తాయి. బారు పెరుగుతుంది, కుర్రాడి మీద కేకలు పెరుగుతాయి. అప్పుడు అతను శుద్ధి చేసిన నీటిలో కొంత బోరు నీటిని కలిపే వాల్వును ఇంకాస్త తిప్పుతాడు. క్యాను తొందరగా నిండుతుంది, పైగా నీళ్లు మరీ చప్పగా లేవని కొందరు మెచ్చుకుంటారు కూడా. దాత కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి చూస్తే ప్లాంటు నడుస్తూనే ఉంటుంది. చేతిలో ఇమిడే మీటరు ముంచి చూసే అలవాటున్నవాళ్లు కొందరుంటారు, అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఆ మీటరు అంకె నెలనెలా పెరుగుతుంటే మెంబ్రేన్ దెబ్బతింటోందనో, కలుపుడు ఎక్కువైందనో అనుమానించవచ్చు, అంతవరకే దాని ఉపయోగం. ఫ్లోరైడ్ తెలియాలంటే రంగు మారే ద్రావణంతో పరీక్షించే కిట్టు ఉండాలి, లేదా సీసాలో నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి.

ఫలితాన్నే చూడాలి అనేవాళ్లు సాధారణంగా ఏ ఫలితాన్ని చూస్తున్నారో ఇక్కడ తేలుతుంది. రోజుకు ఆరు వేల లీటర్ల నీళ్లు ఇవ్వడం ఫలితం కాదు, అది ఉత్పత్తి. మనుషుల ఒంట్లోకి వెళ్లే ఫ్లోరైడ్ ఎంత తగ్గిందన్నదే ఫలితం. ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను ఈ నీళ్లే వండడానికి కూడా వాడతారా అని అడిగితే, "బువ్వకి బోరు నీళ్లే నాయనా, తాగే దానికే క్యాను. రోజూ రెండు క్యాన్లు ఎవరు మోస్తారు?" అంది. ఆ ఒక్క మాటకు లెక్క వేసి చూడండి. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. ఒక మనిషి రోజుకు మూడు లీటర్లు తాగి, అన్నం, పప్పు, కూరల రూపంలో మరో లీటరున్నర నీటిని తీసుకుంటే ఒంట్లోకి చేరేది 13.5 మిల్లీగ్రాములు. ప్లాంటు నీటిలో 0.3 ఉండి, దాన్ని తాగడానికి మాత్రమే వాడితే 5.4 మిల్లీగ్రాములు. వంటకూ అదే నీరు వాడితే 1.35. అంటే అంత పెద్ద ప్లాంటు చేసిన మేలులో ఒక పెద్ద వాటా, రెండో క్యాను మోసే ఓపిక దగ్గర ఆగిపోయింది. ప్లాంటు రామాలయం దగ్గర పెట్టి, ఎస్సీ కాలనీ అక్కడి నుంచి కిలోమీటరు దూరంలో ఉంటే ఈ లెక్క ఎవరికి ఎలా పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. దాతల్లో స్థలం గురించి అడిగేవాళ్లు తక్కువ. పలక నలుగురికీ కనిపించే చోట ఉండాలని అడిగేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు మన ఇద్దరు దాతల దగ్గరికి తిరిగి వద్దాం. మొదటి ఆయన ప్లాంటు మూడో ఏట ఆగిపోయింది. ఆయన మోసం చేయలేదు, డబ్బు తక్కువ పెట్టలేదు. అయితే ప్లాంటును ఊరికి అప్పగించిన రోజున ఆయన మనసులోని బరువు దిగిపోయింది. తల్లికి చేయవలసింది చేశానన్న తృప్తి ఆ సాయంత్రమే ఆయనకు దక్కింది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవలసిన అవసరం ఆయన కోరికకు లేదు. పేరు వద్దన్నాడు కాబట్టి ఊళ్లోవాళ్లకు ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియదు. కాంట్రాక్టరు ప్లాంటు మాత్రం ఆరేళ్లు నడిచింది. తన ఫోటో ఉన్న గదికి తాళం పడితే మండలమంతా నవ్వుతుందని ఆయనకు తెలుసు. మెంబ్రేన్లు పోగానే తన మనిషిని పంపి మార్పించాడు. ఆరో ఏట ఆయనకు టికెట్ రాలేదు. ఆ ఎండాకాలం ప్లాంటు ఆగింది.

ఈ కథను చెడ్డ మనసు కూడా మంచి చేస్తుందన్న పాత ముక్తాయింపు కోసం చెప్పలేదు. అలా అనుకుంటే ఆరో ఏడు మిగిలిపోతుంది. నాకు అర్థమైనంతవరకు ఉద్దేశం విషయంలో అడగవలసిన ప్రశ్న అది ఎంత స్వచ్ఛమైనదని కాదు. ఈ కోరిక ఎప్పుడు తీరిపోతుంది, అది తీరడానికి నీళ్లు నిజంగా మనుషుల నోటికి చేరాలా, చేరకపోయినా తీరుతుందా అన్నదే. పుణ్యం కోసం ఇచ్చేవాడి కోరిక ధారపోసిన క్షణంలో తీరిపోతుంది. ఫోటో కోసం ఇచ్చేవాడిది మరునాడు పత్రికలో వార్త రాగానే తీరుతుంది. ఓటు కోసం ఇచ్చేవాడిది ఎన్నికల దాకా సాగుతుంది. కోరిక తీరిన చోట శ్రద్ధ ఆగుతుంది, శ్రద్ధ ఆగిన చోటు నుంచి యంత్రం తన దారిన తాను పాడవడం మొదలుపెడుతుంది. ఫలానా అవ్వ నడుము ఇంకా వంగకూడదన్న కోరిక ఒక్కటే ప్లాంటు ఆగితే తీరకుండా మిగిలిపోయేది. అలాంటి కోరిక ఉన్న దాత ప్రారంభోత్సవానికి రాకపోయినా ఫర్వాలేదు, ఎండాకాలం నడుమ వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్తాడు. కాబట్టి ఇలా ఏళ్ల తరబడి సాగే దానాల్లో ఉద్దేశం ఫలితానికి పోటీగా నిలబడే వేరే కొలత కాదు, రాబోయే ఫలితం గురించి ముందుగా దొరికే ఆనవాలు.

మన సంప్రదాయం ఉద్దేశం వైపే నిలబడిందని మనం అనుకుంటాం కానీ, నిదానంగా చదివితే అలా లేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలు చేసిన శ్లోకాలు ఉన్నాయి. తిరిగి ఉపకారం ఆశించి, ఫలం కోరి, మనసు కష్టపెట్టుకుని ఇచ్చేది రాజసం. ఇవ్వవలసినదన్న బుద్ధితో, తిరిగి ఏమీ చేయలేనివాడికి ఇచ్చేది సాత్వికం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అదే శ్లోకంలో 'దేశే కాలే చ పాత్రే చ' అన్న మాట కూడా ఉంది. తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇస్తేనే అది సాత్వికం. చోటు, సమయం, పాత్రత అన్నవి దాత గుండెలో వెతికితే దొరికేవి కావు, బయటికి వెళ్లి విచారించి తెలుసుకోవలసినవి. కాలనీకి కిలోమీటరు దూరంలో ప్లాంటు పెట్టడం శ్లోకం చెప్పిన దేశం, అంటే తగిన చోటు, తప్పడమే. తామస దానానికి చెప్పిన లక్షణాల్లో తగని చోటు, తగని కాలంతో పాటు గౌరవం లేకుండా, చిన్నచూపుతో ఇవ్వడం కూడా ఉంది. క్యాను పుచ్చుకునే ముసలమ్మను ఆపి, నాయకుడి పక్కన నిలబెట్టి, నవ్వమని చెప్పి ఫోటో తీసిన రోజున ఆమెకు ఎంత చిన్నతనమనిపించిందో కూడా ఫలితాల పట్టికలో రాయవలసిందే. అది ఉద్దేశానికి సంబంధించిన సున్నితమైన విషయమని పక్కన పెట్టేస్తాం, కానీ భరించింది ఆమె కాబట్టి అది ఫలితమే.

వేమన కూడా చిత్తశుద్ధితో చేసిన పుణ్యం కొంచెమైనా తక్కువేమీ కాదని చెప్పి, మర్రి విత్తనం ఎంత చిన్నదో చూడమన్నాడు. ఈ పద్యాన్ని ఉద్దేశమే ముఖ్యం అనడానికి వాడతారు. అయితే ఆయన ఎంచుకున్న పోలిక విత్తనం. మొలవని విత్తనాన్ని ఎవరూ మర్రితో పోల్చరు.

చట్టం దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. 2014 ఏప్రిల్ నుంచి ఒక స్థాయికి మించిన కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సురక్షితమైన తాగునీరు ఆ జాబితాలో ఉంది, అందుకే ఈ ప్రాంతంలోని కొన్ని గదుల మీద కుటుంబాల పేర్లకు బదులు కంపెనీల గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ ఉద్దేశాన్ని అడిగే ప్రసక్తే లేదు, చట్టం అడిగింది కాబట్టి ఇస్తున్నారు. మరి ఫలితాన్ని అడుగుతుందా అంటే, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం ఏటా సగటున పది కోట్లు, ఆపైన ఇలా ఖర్చు చేయవలసిన కంపెనీలు మాత్రమే, అదీ కోటి రూపాయలు, ఆపైన వెచ్చించిన ప్రాజెక్టులకు, అవి పూర్తయిన ఏడాది తర్వాత, బయటివారితో ప్రభావాన్ని అంచనా వేయించాలి. ఏడెనిమిది లక్షల ప్లాంటు ఒక్కటే పెట్టినప్పుడు అది ఆ వలకు చిక్కదు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఖర్చు రాసి, ఫోటో నివేదికలో చేర్చగానే ఆ కోరిక కూడా తీరిపోయినట్టే. కోరికకు మనసు అక్కర్లేదు, గడువు ఉంటే చాలు.

ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పేటప్పుడు ఒక అన్యాయానికి తావుంది, దాన్ని దాటవేయకూడదు. వరసగా రెండేళ్లు వానలు లేక బోరు ఎండిపోతే ప్లాంటు ఆగుతుంది. దాత ముందుగానే నీళ్లు పరీక్ష చేయించి, పాత బోర్ల లోతులు విచారించి, మెంబ్రేన్లకు డబ్బు విడిగా డిపాజిట్ చేసి ఉంటే, ఆగిపోయిన ఆ ప్లాంటును చూపి ఆయన్ని నిందించడం సరికాదు. అదే, నీటి పరీక్ష కూడా చేయించకుండా, పక్క ఊళ్లో పెట్టారని ఇక్కడా పెడితే, అది అదృష్టవశాత్తూ బాగా నడిచినా ఆయనకు ఇవ్వవలసిన మెప్పు తక్కువే. ఫలితం అన్నప్పుడు చివరికి జరిగినదాన్ని కాదు, ఆ రోజున శ్రద్ధ పెట్టినవాడికి తెలియగలిగినదాన్ని బట్టి రాగలిగిన ఫలితాన్ని చూడాలి. నిజానికి ఈ శ్రద్ధే ఉద్దేశాన్ని పరీక్షించడానికి మనకు ఉన్న నమ్మదగిన సాధనం. మనసులో ఏముందో దాత చెప్పింది వినడం కంటే, ప్లాంటు పెట్టే ముందు ఆయన ఏమేం అడిగాడో ఊళ్లో విచారిస్తే ఎక్కువ తెలుస్తుంది.

తెలియగలిగిన ఫలితాల్లో దాతలు, ఊళ్లు కలిసి మరచిపోయేది ఒకటుంది. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను నాశనం చేయదు, నీటిని రెండుగా విడదీస్తుంది. సగం నీరు శుద్ధమై క్యాన్లలోకి పోతే, మిగిలిన సగంలోకి ఫ్లోరైడ్ దాదాపు అంతా చేరుతుంది. పై ఉదాహరణలో బోరు నీటిలో 3 మిల్లీగ్రాములు ఉంటే బయటికి వదిలే నీటిలో లీటరుకు 5.7 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు ఆరు వేల లీటర్ల అలాంటి నీరు గది వెనక కాలువలోకి, అక్కడి నుంచి పల్లంలోని గుంటలోకి పోతుంది. ఆ గుంటలో గేదెలు తాగుతాయి. కొంత నేలలోకి ఇంకి, మెల్లగా ఏదో ఒక బోరు దగ్గరికి చేరుతుంది. ఈ జబ్బును మన దేశంలో మొదట గమనించింది కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయిన ఎడ్లను చూసిన ఈ ప్రాంతపు రైతులేనని చెబుతారు. ఆ ఎడ్ల సంగతి తెలిసిన నేలలో గేదెల గుంటను లెక్కలో వేయకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఇంకా పెద్ద లెక్క ఒకటుంది, దాని మీద నాకు స్థిరమైన అభిప్రాయం లేదు. ఫ్లోరైడ్ లేని నీరు ఈ మండలాలకు దండిగా రావాలంటే కృష్ణా నీళ్లు రావాలి. ఆ నీళ్లు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, దాని లక్ష్యాల్లో సాగునీటితో పాటు తాగునీరూ ఉంది. ఊరూరా ప్లాంట్లు పెట్టిన దాతలు లేకపోయి ఉంటే కుళాయి నీటి కోసం ఒత్తిడి ఇంకా పెరిగి ఉండేదని వాదించేవాళ్లు ఉన్నారు. అది నిజం కావచ్చు. అయితే ఒత్తిడి పెరిగే దాకా ఎదిగే పిల్లల పళ్లు, ఎముకలు ఆగవు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు దంతాలు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీటి గుర్తు జీవితాంతం నిలుస్తుంది. ఆ ఏళ్లలో రోజూ ఒక క్యాను అందితే ఆ పిల్లల మటుకు ఆ మేలు ఏ కాలువ కోసమూ వాయిదా వేయదగింది కాదు.

ఈ మధ్య ఒక కుటుంబం వారు తండ్రి పేరున ప్లాంటు పెట్టాలని, పలక మీద ఏం రాయాలో చెప్పమని అడిగారు. రాత సంగతి తర్వాత చూద్దామని, ముందు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపమన్నాను. వారం తర్వాత వచ్చిన కాగితంలో ఫ్లోరైడ్ 0.8 అని ఉంది. ఆ ఊరి బోరు నీరు ఉప్పుగా ఉంటుంది, ఫ్లోరైడ్ మాత్రం హద్దు లోపే ఉంది. "అయితే మా ఊరికి అక్కర్లేదా?" అని పెద్దకొడుకు అడిగాడు. మీ ఊరికి కాదు, నాలుగు మైళ్ల అవతల మీ మేనత్త ఊరికి కావాలి అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఊళ్లో వాళ్ల నాన్న పేరు ఎవరికీ తెలియదు.